శీర్షిక పెట్టిన బాకీ

కథకు పేరు, కావ్యానికి పేరు, వ్యాసానికి పేరు - వీటిని గురించి మన విమర్శ చెప్పింది బహు తక్కువ. వస్తువును గురించి ఏళ్ళ తరబడి వాదించుకున్నాం. శిల్పాన్ని గురించి అంతకన్నా ఎక్కువ వాదించుకున్నాం. శీర్షిక దగ్గరికి వచ్చేసరికి "సార్థకంగా ఉంది" అని ఒక ముక్క రాసి సమీక్ష ముగించడం మనకు అలవాటు. నేనూ చాలాసార్లు అలాగే ముగించాను. శీర్షిక అనేది రచయిత పాఠకుడికి రాసిచ్చిన ప్రామిసరీ నోటులాంటిదనీ, లోపలి రచన ఆ బాకీని తీర్చిందా లేదా అన్నది విమర్శకుడు లెక్క చూడవలసిన విషయమనీ నాకు తెలిసి వచ్చింది పుస్తకాల వల్ల కాదు. మా ఊళ్ళో ఒక వానాకాలం మొదట్లో, నేను స్వయంగా దిద్దిన ఒక శీర్షిక పట్టుకొని ఒక కూలి కుటుంబం నా ముందు నిలబడినప్పుడు తెలిసింది.

ఆ శీర్షిక అచ్చుపత్రికలోది కాదు, ఫోనులోది. ఇన్‌స్టాగ్రామ్‌లో కరోసెల్ అనే రూపం ఒకటి ఉంది. ఒకే పోస్టులో కొన్ని స్లైడులు వరసగా ఉంటాయి. పాఠకుడు వేలితో పక్కకు జరుపుకుంటూ చదువుతాడు. 2017లో ఇది వచ్చినప్పుడు పది స్లైడుల దాకా పెట్టేవారు, 2024 నుంచి ఇరవై దాకా పెట్టవచ్చు. మొదటి స్లైడును కవర్ అంటారు. దానిమీద పెద్ద అక్షరాలతో ఒక వాక్యం, వెనక ఒక బొమ్మ. ఆ వాక్యం చూసి పాఠకుడు వేలు కదిపితేనే మిగతా స్లైడులకు బతుకు. కదపకపోతే లోపల ఎంత మంచి సరుకున్నా దండగే. అందువల్ల ఈ రూపంలో శీర్షికమీద పడే బరువు కథ పేరుమీద పడే బరువుకు ఎన్నో రెట్లు. ఎర వేయాలన్న ఆశ కూడా అంతే ఎక్కువ.

మా ఊరు వజ్రకరూరు. పేరులోనే వజ్రం ఉంది, చుట్టూ కరువు నేల. ముంగారు వాన ఒకటి పడగానే అనంతపురం, కర్నూలు జిల్లాల్లో కొన్ని ఊళ్ళ చేలల్లో వంగి నేలను చూస్తూ నడిచే జనం కనబడతారు. మా దగ్గరికే కాదు, జొన్నగిరి వైపు కూడా పోతారు. ఎవరికో ఒక రాయి దొరికిందన్న వార్త ఏటా వస్తుంది. దాని వెంట లక్షలు, కోట్లు అన్న అంకెలూ వస్తాయి.

నా పూర్వ విద్యార్థి ఒకడు మా ప్రాంతపు విషయాలమీద ఒక ఖాతా నడుపుతాడు. తెలివైనవాడు, చదువుతాడు, ఊరంటే అభిమానం. రెండేళ్ళ కిందట ఏడు స్లైడుల కరోసెల్ ఒకటి తయారుచేసి తప్పొప్పులు చూడమని నాకు పంపాడు. నేను రెండు అక్షర దోషాలు, ఒక విభక్తి దోషం దిద్దాను. కవర్ మీది వాక్యాన్ని కూడా కొంచెం సవరించి బిగువుగా చేశాను. చివరికి నిలిచిన వాక్యం ఇది: "ఈ ఊరి మట్టిలో కోట్లు! ముంగారు వాన పడగానే ఏం జరుగుతుందో చూడండి." వెనక ఒక అరచెయ్యి, అందులో మెరుస్తున్న రాయి.

లోపల ఏముంది? రెండో స్లైడులో ఊరు ఎక్కడుందో, ఆ పేరు ఎట్లా వచ్చిందని చెప్పుకుంటారో ఉంది. మూడోదానిలో కింబర్లైట్ అనే శిల గురించి. దక్షిణాఫ్రికాలోని కింబర్లీ ఊరి పేరుమీద దానికి ఆ పేరు వచ్చింది. నాలుగోదానిలో, నూటయాభై కిలోమీటర్లకు మించిన లోతు నుంచి ఆ శిలాద్రవం వజ్రాలను పైకి మోసుకొచ్చిన వైనం. అయిదోదానిలో, మా ప్రాంతపు కింబర్లైట్ల వయసు సుమారు 110 కోట్ల సంవత్సరాలని. ఆరోదానిలో, వానలు పడ్డాక జనం వెతకడానికి వస్తారని ఒక్క వాక్యం. ఏడోది, ఖాతాను అనుసరించండని విన్నపం.

ఒక్కొక్క స్లైడూ విడిగా చూస్తే మంచిదే. అబద్ధం ఒక్కటీ లేదు. కానీ కవర్ మాట ఇచ్చిన కోట్లు లోపల ఎక్కడున్నాయి? అయిదో స్లైడులో మాత్రమే ఉన్నాయి. అవి సంవత్సరాలు! రూపాయలు కావు. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది గాని, అప్పుడు ఇది నా కంట పడలేదు. విభక్తి దోషం పట్టుకున్న కన్ను ఈ దోషం పట్టుకోలేకపోయింది.

పది రోజులకు ఒక సాయంత్రం బడి వదిలే వేళ గేటు దగ్గర భార్యాభర్తలు, వాళ్ళ పాప నిలబడి ఉన్నారు. బళ్ళారి వైపు నుంచి రైల్లో గుంతకల్లు వచ్చి, అక్కడినుంచి బస్సు పట్టుకొని వచ్చినారు. ఇద్దరూ వ్యవసాయ కూలీలు. నాలుగు రోజులుగా చేలల్లో తిరుగుతున్నారు. ఆమె ఫోను చూపించి అడిగింది:

"సార్, ఈ ఊరే గదా? యాడ ఏరుకోవల్ల సార్? ఎవురూ చెప్పరు."

అది మా కవరే. నేను తడబడి, "మిగతాది చూడలేదా అమ్మా? పక్కకు జరిపితే ఇంకా ఆరు ఉన్నాయి" అన్నాను.

"జరిపితే వేరే ఫొటో వస్తాది సార్. మా చెల్లెలి బిడ్డ పెండ్లిది" అని ఆమె జరిపి చూపించింది.

అది ఇన్‌స్టాగ్రామ్ కాదు. ఎవరో మొదటి స్లైడును మాత్రం స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌లో పెట్టారు. అది చేతులు మారి ఈమెకు చేరింది. మా కింబర్లైటు, నూటయాభై కిలోమీటర్ల లోతు, ఏదీ ఆమెదాకా రాలేదు. కవర్ ఒక్కటే వచ్చింది. నాలుగు రోజుల కూలి, రానూపోనూ ఛార్జీలు ఆ వాక్యానికి ఆమె కట్టిన ధర. మరునాడు వాళ్ళు వెళ్ళిపోయారు. ఆ తర్వాతే నేను శీర్షికల గురించి కూర్చొని ఆలోచించడం మొదలుపెట్టాను.

ఆసక్తి పుట్టించడం తప్పు కాదు. తప్పని చెప్పేవాళ్ళు ఉన్నారు. వాళ్ళ లెక్కన కవర్ మీద "వజ్రకరూరు వజ్రాలు" అని రాస్తే చాలు. అది శీర్షిక కాదు, బీరువామీద అతికించిన చీటీ. చదివినవాడికి ఏ కొరతా తెలియదు, వేలు కదపడు. అయితే కొరత తెలిసేలా చేయడానికీ ఎర వేయడానికీ భేదం ఎక్కడుంది? దీనికి మన పాత శాస్త్రంలోనే ఒక కొలబద్ద దొరికింది నాకు.

వాక్యానికి అర్థం కలగాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అనే మూడూ ఉండాలని మన తార్కికులు చెప్పారు. ఎం.ఏ.లో మనందరం పరీక్ష కోసం చదువుకున్నదే. "రంగడు బండిని" అని ఆగిపోతే వినేవాడికి ఇంకా ఏదో కావాలనిపిస్తుంది. అది ఆకాంక్ష. "నిప్పుతో తడిపాడు" అంటే మాటలు కలిశాయి గాని అర్థాలు కలవలేదు. అక్కడ యోగ్యత లేదు. "రంగడు" అని పొద్దున, "బండిని" అని మధ్యాహ్నం, "తోలాడు" అని సాయంత్రం చెబితే వాక్యమే కాదు. అక్కడ సన్నిధి లేదు. కవర్‌నూ దాని వెనక స్లైడులనూ కలిపి ఒకే దీర్ఘవాక్యం అనుకొని చూడండి. కవర్ ఆకాంక్షను పుట్టిస్తుంది. లోపలి స్లైడులు ఆ ఆకాంక్షకు తగినవై ఉండాలి, అది యోగ్యత. తగినంత దగ్గరలో ఉండాలి, అది సన్నిధి. ఎర శీర్షిక అంటే మొదటిది మాత్రం ఉండి తక్కిన రెంటిలో ఏదో ఒకటి లేనిది.

2016 ఆగస్టులో ఫేస్‌బుక్ సంస్థ ఎర శీర్షికలను వెనక్కు నెడతామని ప్రకటించినప్పుడు వాటిని గుర్తించడానికి రెండు గుర్తులు చెప్పింది. ఒకటి, విషయం అర్థం కావడానికి అవసరమైన ముక్కను కావాలని దాచడం. రెండు, లోపల ఉన్నదానికి మించి ఊహ కల్పించడం. మొదటిది ఆకాంక్షను అతిగా లాగడం, రెండోది యోగ్యతా లోపం. కొత్త రోగాలే, పాత నిదానం సరిపోయింది.

ఆకాంక్ష విషయంలో ఒక సూక్ష్మం ఉంది. "రంగడు బండిని" అన్నప్పుడు మనకు ఏదో ఒకటి కావాలనిపించదు, క్రియ కావాలనిపిస్తుంది. అందులోనూ బండిని చేయగల పని ఏదో ఒకటి. తోలాడా, ఆపాడా, అమ్మాడా? అంటే ఆ లోటుకు ఒక ఆకారం ఉంది. ఆసక్తిమీద 1994లో పేరుపొందిన సమీక్షావ్యాసం రాసిన జార్జ్ లోవెన్‌స్టైన్ అనే అమెరికన్ పండితుడు చెప్పిందీ దీనికి దగ్గరగానే ఉంది. మనకు తెలిసినదానికీ తెలుసుకోవాలనుకున్నదానికీ మధ్య ఖాళీ కనబడినప్పుడు ఆసక్తి పుడుతుందనీ, అసలు ఏమీ తెలియని విషయంమీద అది పుట్టడం కష్టమనీ ఆయన వాదం. కాబట్టి కవర్ పాఠకుడికి ముందు కొంత ఇవ్వాలి. ఇచ్చినదాని అంచున ఒక ఖాళీ చూపాలి. "ఏం జరుగుతుందో చూడండి" అన్న వాక్యం ఏమీ ఇవ్వదు. దాని ఖాళీకి ఆకారం లేదు. అందులో కూలి మనిషి తన ఆశను పోసుకుంటుంది, దొంగ తన ఆశను పోసుకుంటాడు. ఆకారం లేని ఖాళీని ఏ ఏడు స్లైడులూ పూడ్చలేవు.

తెలుగులో ఈ ఆకారం లేని ఖాళీని తయారుచేసే పనిముట్లు ఏమిటో కొంతకాలం చూశాను. ఎక్కువ కనబడేది ముందుకు చూసే సర్వనామం. "ఇలా చేస్తే", "ఈ ఒక్క కారణంతో", "అసలు విషయం ఇదే." సర్వనామం పని ముందే చెప్పిన నామానికి బదులు నిలవడం. ఇక్కడ నామం ఇంకా పుట్టనే లేదు. 2015లో డెన్మార్క్ పరిశోధకులు ఇద్దరు తమ భాషలో వార్తాశీర్షికలను పరిశీలించి ఈ ముందుచూపు సర్వనామాలనే ఎర లక్షణంగా పట్టుకున్నారు. మన భాషలో కర్తను చెప్పకుండానే వాక్యం నడుస్తుంది కాబట్టి మనకు సర్వనామం కూడా అక్కరలేదు. "దొరికింది!" అంటే చాలు.

దీనికన్నా ప్రమాదకరమైనది, ఎవరూ గమనించనిది ఇంకొకటి ఉంది. అది "అట" లోపించడం. మన భాషలో విన్నమాటకూ కన్నమాటకూ మధ్య గోడ ఈ చిన్న మాటే. వజ్రం వార్తల లోపలి భాగం చదవండి. "దాని విలువ ఇంత ఉంటుందని చెప్పుకుంటున్నారు", "పలుకుతుందట", "సమాచారం" అని ఉంటుంది. శీర్షికలో ఆ గోడ కూలిపోయి "రైతుకు కోట్ల వజ్రం" అయి కూర్చుంటుంది. అబద్ధం రాయలేదు, రెండక్షరాలు తీసేశారు, అంతే. శీర్షికకు చోటు తక్కువ కాబట్టి తీసేశామంటారు. "అట"కు పట్టే చోటు ఎంత?

ప్రశ్నార్థకం ఇంకొక చాటు. "కోహినూర్ పుట్టింది ఇక్కడేనా?" అని కవర్ మీద పెడతారు. చివరి స్లైడులో, కాదు, కృష్ణ ఒడ్డున ఉన్న కొల్లూరు గనుల పేరే చెబుతారని తేలుస్తారు. ప్రశ్నగుర్తుతో ముగిసే శీర్షికకు దాదాపు ఎప్పుడూ "కాదు" అనే జవాబు చెప్పుకోవచ్చునని ఇయన్ బెటరిడ్జ్ అనే ఆంగ్ల పాత్రికేయుడు 2009లో అన్నమాట పత్రికలవాళ్ళలో సామెతలా నిలిచింది. ప్రశ్న అడగడం దోషం కాదు. జవాబు "కాదు" అని ముందే తెలిసి, "అవును" అనిపించేలా అడగడం దోషం.

సరే, మా కవర్ సంగతికి వస్తాను. మరుసటి ఏడు ముంగారుకు ముందు నేనూ ఆ కుర్రవాడూ కూర్చొని దాన్ని మొదటినుంచి మళ్ళీ చేశాము. ఈసారి కవర్‌ను చివర రాశాము. ముందు, ఈ స్లైడులన్నీ చదివినవాడికి కొత్తగా తెలిసే ఒకే ఒక సంగతి ఏమిటో ఒక్క వాక్యంలో రాయమన్నాను. వాడు చాలాసేపు గింజుకున్నాడు. పాతవాటిలో అట్లాంటి వాక్యం లేదు, అయిదు వేరువేరు సంగతులున్నాయి. మొదటి కవర్ అంత డొల్లగా ఉండడానికి కారణం అప్పుడు అర్థమైంది. లోపలి వస్తువుకు ఏకత్వం లేనప్పుడు, దేనికి శీర్షిక పెట్టాలో తెలియక, మనిషి "చూడండి" అని అరుస్తాడు. ఎర శీర్షిక చాలాసార్లు మోసబుద్ధివల్ల కాక వస్తువు తేలకపోవడంవల్ల పుడుతుంది.

చివరికి వాడు రాసిన వాక్యం: "వానకు వజ్రం పైకి రాదు, అది ఉన్నచోటే ఉంటుంది, దానిమీది సన్నమట్టి కొట్టుకుపోతుంది." ఇది బాగుంది. ఎందుకంటే వాన వజ్రాన్ని పైకి తెస్తుందని మా దగ్గర చాలామంది నమ్మకం. దీనికి కారణం కూడా తేలిగ్గా చెప్పవచ్చు. మామూలు ఇసుకరేణువు నీటికన్నా రెండున్నర రెట్లకు కాస్త మించి బరువు, వజ్రం మూడున్నర రెట్లు. ఒకే పరిమాణంలో ఉన్న రెండింటిలో పారే నీరు తేలికదాన్ని ముందు మోసుకుపోతుంది. మట్టిపొర కడిగిన వజ్రంమీద ఎండ పడితే మెరుస్తుంది. అంతే సంగతి.

ఈ వాక్యాన్ని ఒక పెద్ద రైతుకు వినిపిస్తే ఆయన వెంటనే అభ్యంతరం చెప్పాడు. "వాన తేకపోతే మడక తెస్తాది గదా సార్. దుక్కిలో అడుగు మన్ను పైకి రాదా?" నిజమే. దున్నినప్పుడు అడుగుమట్టి పైకి వస్తుంది, దాన్ని వాన కడుగుతుంది. అందువల్ల "వజ్రం పైకి రాదు" అని మాత్రం రాస్తే తప్పయ్యేది. "వానకు" అన్న మాట ఉండి తీరాలి. మడక సంగతి రెండో స్లైడులో చేరింది.

ఆ వాక్యంనుంచి కవర్ వచ్చింది: "వానకు వజ్రం పైకి రాదు. మరి చేనులో ఎట్లా కనబడుతుంది?" ముందు ఒక సంగతి ఇచ్చాము, అది నమ్మకానికి ఎదురు నిలిచే సంగతి. దాని అంచున ఒక ఖాళీ చూపించాము. ఆ ఖాళీకి ఆకారం ఉంది, "ఎట్లా" అన్నదానికి జవాబు మాత్రమే అందులో పడుతుంది. ఎక్కడ, ఎంతకు అన్నవి పడవు.

కానీ బళ్ళారి కూలి మనిషి నా కళ్ళముందు ఉంది. ఈ కవర్ ఒక్కటే తెగిపోయి ఆమె ఫోనుకు చేరితే? "చేనులో కనబడుతుంది" అన్న ముక్క మళ్ళీ ఆమెను బస్సెక్కించదా? అందుకని కింద చిన్న అక్షరాల్లో ఇంకొక వాక్యం చేర్చాము: "వెతికేవాళ్ళలో ఎక్కువమంది వట్టి చేతులతో పోతారు. ఎందుకో 5వ స్లైడులో." ఇది శోభకు పెట్టింది కాదు. కరోసెల్ కవర్‌కు రెండు బతుకులుంటాయి. ఒకటి తన స్లైడులతో కలిసి, రెండోది స్క్రీన్‌షాట్‌గా ఒంటరిగా. రెండో బతుకులో కూడా అబద్ధం కాకుండా నిలవాలి. కాబట్టి పరిమితిని చెప్పే మాట లోపల ఉంటే చాలదు, కవర్ మీదే ఉండాలి.

అయిదో స్లైడు ఆ బాకీ తీర్చాలి. అక్కడ పెట్టింది ఒక చిన్న లెక్క. గనిగా తవ్వడానికి పనికివచ్చే కింబర్లైట్‌లో కూడా చాలాచోట్ల టన్ను రాయికి దొరికేది ఒక క్యారెట్ లోపే. క్యారెట్ అంటే గ్రాములో అయిదో వంతు. టన్ను అంటే పది లక్షల గ్రాములు. అంటే యాభై లక్షల పాళ్ళ రాయిలో ఒక పాలు వజ్రం. అదీ యంత్రాలతో రాయిని పిండిచేసి వెతికితే. పైగా కింబర్లైట్ కనబడిన ప్రతిచోటా వజ్రం ఉండదు. పదిమందీ తొక్కిన చేనులో పైమట్టిని కంటితో చూసి వెతికేవాడి సంగతి చెప్పనక్కరలేదు. ఈ లెక్కను పదో తరగతి పిల్లలే కట్టారు.

బొమ్మ మార్చాము. పాత కవర్ మీది రాయి సానపట్టి కోణాలు తీర్చిన నగలకొట్టు వజ్రం. చేనులో దొరికేది అట్లా ఉండదు. మసక గాజులాగా, పటికముక్కలాగా ఉంటుంది. బొమ్మ కూడా మాట ఇస్తుందని మేము మరచిపోయాము. పాత బొమ్మను చూసి వెతికేవాడు నిజంగా వజ్రం కాలికింద ఉన్నా గుర్తుపట్టడు!

అక్షరాల అమరికలో ఒక ప్రమాదం తప్పింది. కుర్రవాడు అందం కోసం "వానకు వజ్రం పైకి" అని ఒక వరస పెద్దగా పెట్టి, "రాదు" అన్నదాన్ని కింది వరసలోకి నెట్టి సన్నగా పెట్టాడు. దూరంనుంచి చూస్తే వజ్రం పైకి వస్తున్నట్టే ఉంది. తెలుగులో కాదు, లేదు, రాదు అన్నవి వాక్యం చివర వస్తాయి. ఇంగ్లీషు కవర్లను చూసి వరసలు విరిచేవాళ్ళు ఈ సంగతి మరచిపోతే వాక్యం తలకిందులవుతుంది. "పైకి రాదు" రెండూ ఒకే వరసలో, ఒకే పరిమాణంలో ఉండాలన్నాను. ఖాతా పేజీలో బొమ్మ అంచులు కత్తిరించి చూపిస్తుంది కాబట్టి ఆ రెండు మాటలు అంచుకు దగ్గర కాకుండా చూసుకున్నాము.

సన్నిధి గురించి మా ఇద్దరికీ కొంత వాదన నడిచింది. జవాబును ఆరో స్లైడుదాకా అట్టిపెడితే జనం చివరిదాకా వస్తారని వాడి వాదం. నేను ఒప్పుకోలేదు. రెండో స్లైడులోనే సగం జవాబు ఇచ్చేయాలన్నాను. నేను చెప్పిన కారణం ధర్మానికి సంబంధించినది, వాడికి నచ్చింది వ్యవహారానికి సంబంధించినది. ఇన్‌స్టాగ్రామ్ ఒక కరోసెల్‌ను జరపకుండా దాటిపోయినవాడికి అదే పోస్టును తర్వాత మళ్ళీ చూపించేటప్పుడు, రెండో స్లైడునే ముందు పెట్టి చూపించడం కద్దు. అంటే రెండో స్లైడు కూడా ఒక రకంగా కవరే. "తర్వాతి స్లైడులో చెబుతాం" అని ఊరించే ఖాళీ పలకను అక్కడ పెడితే రెండుసార్లు చెడినట్టు. కాబట్టి రెండోదానిలో "ఉన్నచోటే ఉంటుంది, మట్టి పోతుంది" అని చెప్పేశాము. మూడోదానిలో బరువు సంగతి, నాలుగోదానిలో అది ఈ మట్టిలోకి ఎట్లా చేరిందో, అయిదోదానిలో లెక్క. ఆరోదానిలో, చేనుకు యజమాని ఉంటాడనీ, వార్తల్లో వచ్చే ధర విన్నమాటేననీ. మొదటి జవాబు దొరికినవాడికి రెండో ప్రశ్న తానుగా పుడుతుంది. మట్టి పోతే ఇది ఎందుకు పోదు? అట్లా పుట్టిన ఆకాంక్షతో జరిగేవాడిని లాగనక్కరలేదు.

పెట్టేముందు ఒక పరీక్ష చేశాము. పదో తరగతిలో కవర్ ఒక్కటే చూపించి, "లోపల ఏముంటుందనుకుంటున్నారు? ఒక్క వాక్యం రాయండి" అన్నాను. ముందు పాత కవర్ చూపించాను. ఎక్కడ దొరుకుతాయో ఉంటుందని, ఎంతకు అమ్మారో ఉంటుందని, దొరికినవాళ్ళ ఇల్లు చూపిస్తారని రాశారు. శిల గురించి ఉంటుందని ఒక్కరూ రాయలేదు. కొత్త కవర్‌కు ఎక్కువమంది, వానకు వజ్రం ఎట్లా బయటపడుతుందో చెబుతారని, ఎందుకు దొరకదో చెబుతారని రాశారు. ఒకడు మాత్రం "వజ్రాలు ఉన్నాయనేది అబద్ధమని ఉంటుంది" అని రాశాడు. వాడి తప్పు కాదు, "రాదు" అన్న మాటకు అంత బలం ఉంది. పిల్లలు రాసిన వాక్యాలను పక్కన పెట్టుకొని, వాటికి స్లైడుల్లో జవాబు ఉందో లేదో టిక్కులు పెట్టడమే పరీక్ష. పోస్టు పెట్టిన తర్వాత తెలుసుకోవాలంటే కింద వచ్చే ప్రశ్నలు చూడాలి. పాతదాని కింద "యాడ అన్నా?" అన్నదే మళ్ళీ మళ్ళీ ఉంది. లోపల లేనిదాన్ని గురించి జనం అడుగుతున్నారంటే కవర్ దాన్ని అమ్మిందన్నమాట.

ఈ పద్ధతి అన్నిటికీ పనికిరాదు. ఆ కుర్రవాడే తర్వాత ఒకసారి పంటల బీమా గడువుమీద కరోసెల్ చేస్తూ, "ఈ తేదీ దాటితే మీ శెనక్కాయ పంటకు దిక్కెవరు?" అని కవర్ పెట్టుకొచ్చాడు. తేదీ నాలుగో స్లైడులో ఉంది. అక్కడ ఆసక్తి పుట్టించడమే దోషం. తేదీ కవర్ మీద ఉండాలి, వేలు కదపనివాడికి కూడా తెలియాలి. మార్చమన్నాను, మార్చాడు.

కొత్త కరోసెల్‌ను పాతదానికన్నా తక్కువమంది చూశారు. ఆ మాట వాడు కాస్త చిన్నబుచ్చుకునే చెప్పాడు. అయితే దాచుకున్నవాళ్ళు ఎక్కువట. "అట" అంటున్నాను, ఆ అంకెలు నేను చూడలేదు.

పాతదాన్ని వాడు ఆ ఏడే తొలగించాడు. కానీ మొన్న ముంగారు మొదటి వాన పడిన రాత్రి మా ఉపాధ్యాయుల వాట్సాప్ గుంపులో వేరే మండలపు మాస్టారు ఒకాయన ఒక బొమ్మ పెట్టి, "సార్, ఇది మీ ఊరేనా, నిజమేనా?" అని అడిగాడు. అరచెయ్యి, మెరిసే రాయి, నేను బిగువుగా చేసిన వాక్యం.